ఆరు సెకన్ల తెలుగు

(డాలస్ దగ్గర ఒక లైబ్రరీ గదిలో జరిగిన తెలుగు సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? ముందు ఇన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండి ముందుకి. పెళ్లి భోజనాల్లో మొదటి బంతికి తోసుకుంటాం, ఇక్కడ మాత్రం మొదటి వరస ఎవరికీ అక్కర్లేదు.

నన్ను పరాయి దేశంలో పిల్లల తెలుగు గురించి మాట్లాడమన్నారు. నేను భాషాశాస్త్రం చదువుకోలేదండీ. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరో రాసినదాంట్లో తప్పులు వెతకడమే నా ఉద్యోగం. అప్పుడప్పుడు కవితలు రాస్తాను. అందుకని ఉపన్యాసం ఇవ్వను. ఒకే ఒక్క కవిత గురించి చెప్తాను. మా అమ్మాయి తెలుగు మీద నేను రాసిన కవిత. అది ఎలా వచ్చింది, ఎక్కడెక్కడ చెడింది, ఏమేం కొట్టేశాను, అదే చెప్తాను.

మొదటిసారి రాసినప్పుడు ఎలా ఉందో ముందు చెప్పేస్తాను. నవ్వకండి. అందులో తేనె ఉంది. వెన్నెల ఉంది. అమ్మ పాలు ఉన్నాయి. గోదారి కూడా ఉంది. మాదేమో అనకాపల్లి. మా ఊరి పక్కన పారేది శారదా నది. గోదారిని నేను రైల్లోంచి తప్ప చూడలేదు. బెల్లం ఊళ్లో పుట్టి తేనె గురించి రాశాను చూడండి! ఎందుకు రాశాను? తెలుగు గురించి రాయాలంటే అలాగే రాయాలని ఎక్కడో బుర్రలో పడిపోయింది కాబట్టి. ఇక మిగిలిన సగం పిల్ల మీద నింద. నీ నాలుక మీద నా అక్షరాలు వాడిపోతున్నాయి, నీకు పట్టదా, ఇలా.

ఫోన్లో మా అమ్మకి చదివి వినిపించాను. అంతా విని, "బాగుంది గానీ, గుంటని తిట్టినట్టుందే" అంది. మా వైపు చిన్నపిల్లని గుంట అంటారు లెండి. కవిత మీద నేను విన్న విమర్శల్లో ఇంత పొట్టిది, ఇంత సూటిది ఇంకోటి లేదు. చించేశాను.

తర్వాత రెండేళ్లు ఏమీ రాయలేదు. ఆమధ్య అనకాపల్లి వెళ్లినప్పుడు మా అమ్మకి కొత్త ఫోన్ కొన్నాం. పాతదాంట్లోవి కొత్తదాంట్లోకి ఎక్కించే పని నాది. ఎక్కిస్తుంటే వాట్సాప్‌లో మా అమ్మాయి పంపిన వాయిస్ మెసేజీలు బయటపడ్డాయి. 2015 నుంచి ఉన్నాయి. మా అమ్మ ఒక్కటి కూడా తీసెయ్యలేదు. ఎలా తీసెయ్యాలో తెలీదు అంటుంది గానీ, నేను నమ్మను.

జెట్ లాగ్ కదా, రాత్రి మూడింటికి మెలకువ. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచి వరసగా వింటూ కూర్చున్నాను. మీలో ఎవరైనా ఈ పని చేశారా? చెయ్యకపోతే ఇంటికెళ్లి చెయ్యండి, మీ తల్లిదండ్రుల ఫోన్లలో ఉంటాయి. ఫొటోల్లో పిల్లలు పెరగడం కనిపిస్తుంది. ఇందులో తెలుగు తరగడం వినిపిస్తుంది.

మొదటిదాంట్లో దానికి మూడేళ్లు. 1 నిమిషం 52 సెకన్లు. మా పెరట్లో ఉడత గురించి. ఎన్నిసార్లు విన్నానో, మాటకి మాట అప్పజెప్పగలను. "అమ్మమ్మా, ఉడతొచ్చింది. తోక ఇలా ఇలా అంటోంది. నన్ను చూసి పారిపోలేదు. దానికి ఆకలేస్తోందంట."

ఆ చివరి వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. "దానికి ఆకలేస్తోందంట." ఇంగ్లిష్‌లో ఉడత ఆకలిగా ఉంటుంది. తెలుగులో ఆకలి ఉడతకి వేస్తుంది. ఆ "కి" మూడేళ్ల పిల్ల తడుముకోకుండా పెట్టింది. అంతకన్నా నన్ను కదిలించింది చివరనున్న "అంట". నేను చూసింది కాదు, ఎవరో చెప్తే విన్నాను అని చెప్పడానికి మనకి ఆ రెండక్షరాలు చాలు. ఉడతకి ఆకలని ఎవరు చెప్పారు దీనికి? నేనే చెప్పి ఉంటాను. నేను చెప్పానన్న సంగతి కూడా ఆ వాక్యంలో ఉంది.

సరే, ఇప్పుడు ఆరో ఏడు. అంటే కిండర్‌గార్టెన్ అయిపోయింది. మళ్లీ ఉడతే వచ్చింది. మా పెరట్లో ఇంకేం వస్తాయి? ఈసారి 21 సెకన్లు. "అమ్మమ్మా, స్క్విరల్ వచ్చింది. స్క్విరల్ హంగ్రీగా ఉంది."

మనం సాధారణంగా దేనికి కంగారు పడతాం? ఉడత స్క్విరల్ అయిందే అని. కానీ ఇంగ్లిష్ మాటలు మనకి మాత్రం లేవా? కారు పార్క్ చేసొస్తా అంటాం, కారు, పార్క్ తీసేస్తే మిగిలిందంతా తెలుగే. అది జబ్బు కాదు. నాకు భయమేసింది వేరేదానికి. "దానికి ఆకలేస్తోంది" పోయి "హంగ్రీగా ఉంది" వచ్చింది. ఇంగ్లిష్ మాట తెచ్చుకుని "గా ఉంది" తగిలిస్తే పని జరిగిపోతుంది. హ్యాపీగా ఉంది, శాడ్‌గా ఉంది, స్కేరీగా ఉంది. అన్నీ ఒకే మూసలో పోసేస్తుంది. ఆకలెయ్యడం, కోపం రావడం, భయమెయ్యడం, దిగులు పుట్టడం, ఇన్ని క్రియలు ఆ ఒక్క మూసలో పడి మాయమైపోయాయి. "అంట" లేదు. "కదా" లేదు. "పోనీలే" లేదు. పెద్ద మాటలు పోతే తెలుస్తుంది. ఈ చిన్నవి పోతే ఎవరికీ తెలియదు.

ఆ తర్వాతవి పొట్టిగా అయిపోతూ వచ్చాయి. తొమ్మిదో ఏడు నుంచి అన్నీ దాదాపు ఒకటే. "హాయ్ అమ్మమ్మా. తిన్నావా? నేను తిన్నా. బై." ఆరు సెకన్లు. ఉచ్చారణలో తప్పు లేదు. వ్యాకరణంలో తప్పు లేదు. టెస్టర్‌గా నేనైతే పాస్ అని రాసి పంపించేస్తాను.

కవిత మొదటి భాగం ఆ రాత్రే రాశాను. చదువుతాను.

అమ్మ ఫోన్లో దాచుకుంది
నా కూతురి గొంతు

మొదటిదాంట్లో
ఒక ఉడత చెట్టెక్కుతుంది దిగుతుంది మళ్లీ ఎక్కుతుంది
దానికి ఆకలేస్తోందంట
ఊపిరి తీసుకోకుండా చెప్తుంది పిల్ల

మూడేళ్లకి ఆ ఉడతే
ఇంకో పేరుతో వచ్చింది
ఈసారి దానికి ఆకలి వెయ్యలేదు
ఆకలిగా ఉంది అంతే

ఇంతవరకు సులువుగానే వచ్చింది. విన్నది రాశాను. తర్వాత ఎందుకిలా అయిందని రాయాలి కదా? మళ్లీ పాత బుద్ధే. బడిని తిట్టాను. ఐప్యాడ్‌ని తిట్టాను. కొట్టేశాను.

బడి సంగతి కొంత నిజమేనండీ, చెప్పుకోవాలి. కిండర్‌గార్టెన్‌లో మొదటి సమావేశానికి పిలిచి, టీచరుగారు చాలా మర్యాదగా, ఇంట్లో కూడా కాస్త ఇంగ్లిష్ మాట్లాడండి, పిల్ల తొందరగా అలవాటు పడుతుంది అన్నారు. మేం ఏం చేశాం? గురువుగారి మాట కదా, ఆ రాత్రి నుంచే మొదలుపెట్టాం. ఎంత విధేయులమో చూడండి. చాలా తర్వాత తెలిసింది, లిలీ వాంగ్ ఫిల్‌మోర్ అనే పరిశోధకురాలు 1991లోనే దీని మీద రాశారని. అమెరికాలో వలస కుటుంబాల పిల్లల్ని ఎంత చిన్న వయసులో ఇంగ్లిష్‌లో పడేస్తే ఇంటి భాష అంత తొందరగా జారిపోతోందని ఆవిడ చెప్పారు. ఆవిడ అక్కడితో ఆగలేదు. ఆ తల్లిదండ్రులకి పిల్లలతో అసలు విషయాలు మాట్లాడుకునే భాషే లేకుండా పోతోంది, మంచీ చెడూ చెప్పుకోలేకపోతున్నారు అన్నారు. అది చదివి నేను గమ్మున కూర్చున్నాను.

ఎందుకంటే అప్పటికే నేనొక లెక్క చేసి ఉన్నాను. ఒక శనివారం ఫ్రిజ్ మీద కాగితం అంటించి, పిల్లలతో నేనన్న ప్రతి తెలుగు వాక్యానికీ ఒక గీత పెట్టాను. రాత్రికి 43 గీతలు. బాగానే ఉందే అనుకున్నాను. ఆ వాక్యాలేమిటో పక్కన రాసుకున్నాను కదా, చూస్తే 31 ఆజ్ఞలు. రా. తిను. తొందరగా. బూట్లు విప్పు. వాడిని కొట్టకు. పడుకో. వద్దు. అంటే నేను ఇంట్లో తెలుగులో డ్యూటీ చేస్తున్నానన్నమాట, ట్రాఫిక్ పోలీసులాగా. ఏదైనా కాస్త వివరించాల్సొస్తే చాలు, లెక్క గానీ, స్నేహితురాలితో గొడవ గానీ, నాకు తెలియకుండానే ఇంగ్లిష్‌లోకి దూకుతున్నాను. అది తొందరగా అర్థం చేసుకుంటుంది కదా అని. మీ ఇళ్లల్లో కూడా ఒక శనివారం గీతలు పెట్టి చూడండి. నాకు చెప్పక్కర్లేదు.

ఆజ్ఞలే విన్న పిల్లకి ఏ తెలుగు వస్తుంది? ఆజ్ఞల తెలుగే వస్తుంది. మా ఇంటికి భోజనానికొచ్చిన పెద్దాయనతో "నువ్వు తిను" అంది. మేం సిగ్గుతో చచ్చిపోయాం. ఆయన నవ్వేశారు, పాపం. కానీ దాన్ని ఎవరైనా "మీరు" అన్నారా? అది "మీరు" ఎక్కడ విని ఉంటుంది?

ఇంకొక్క విషయం. ఇది చెప్పడం కొంచెం కష్టం. 2019లో మా నాన్న పోయారు. దానికి ఏడేళ్లు. తాతయ్య ఇంక లేడు అని దానికి చెప్పాలి. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. ఇంగ్లిష్‌లో చెప్పాను. అనకాపల్లి దాటి ఆరు నెలలు కూడా ఎక్కడా ఉండని మనిషి చావు కబురు, ఆయన మనవరాలికి ఆయనకి రాని భాషలో చెప్పాను. ఆ రోజు నాకది వింతగా కూడా అనిపించలేదు. ఈ లెక్క వేసిన రోజు అనిపించింది.

కవితలో రెండో భాగం ఇది. నాన్న సంగతి ఇందులో పెట్టలేదు. పెడితే కవిత అంతా ఆయన వైపు ఒరిగిపోతోంది.

రా తిను విప్పు పడుకో వద్దు
నేనిచ్చిన తెలుగంతా
గుమ్మంలో నిలబడి కేకేసిన తెలుగే

లోపలికొచ్చి కూర్చుని
ఏదైనా చెప్పాల్సొచ్చినప్పుడల్లా
నేనే
చెప్పులు మార్చుకున్నాను

"చెప్పులు మార్చుకున్నాను" అంటే అర్థమైందా అని ఒక మిత్రుడు అడిగారు. ఇక్కడ బయటి చెప్పులు గుమ్మంలో వదిలి ఇంట్లో చెప్పులు వేసుకుంటాం కదా. నేను తిరగేసి చేశాను. అంతకంటే విప్పి చెప్పను, కవితకి ఆయాసం వస్తుంది.

ఇప్పుడు మూడో భాగం. అసలు ఈ కవిత నిలబడింది దీని మీదే. దీనికి కాస్త వ్యాకరణం కావాలి, భయపడకండి, రెండు మాటలే.

తెలుగులో "మనం" ఉంది, "మేము" ఉంది. నేను మీతో "మనం టీ తాగుదాం" అంటే మీకూ టీ ఉంది. "మేము టీ తాగుతాం" అంటే మీకు లేదు, మీరు చూస్తూ కూర్చోండి. వింటున్న మనిషి లెక్కలో ఉన్నాడా లేడా అన్నది ఆ మాటే చెప్పేస్తుంది. తమిళంలో ఉంది, మలయాళంలో ఉంది. ఇప్పటి కన్నడంలో ఈ తేడా పోయింది, రెండిటికీ ఒకటే మాట. హిందీలో లేదు. ఇంగ్లిష్‌లో లేదు, అక్కడ అందరికీ ఒకటే "వి". కాబట్టి ఇంగ్లిష్‌లో ఆలోచించే పిల్లకి తెలుగులో రెండెందుకున్నాయో తెలియదు. ఏది ఎక్కువ వింటే అది పట్టుకుంటుంది. మా ఇంట్లో "మనం వెళ్దాం", "మనం తిందాం", ఇదే వినేది. మా అమ్మాయి "మనం" పట్టుకుంది. అన్నిటికీ అదే.

2018 వేసవి. గాల్వెస్టన్ బయల్దేరాం, ఇక్కణ్ణుంచి ఐదు గంటల దారి. దానికి ఆరేళ్లు. వెనక సీట్లోంచి అమ్మమ్మకి మెసేజ్ పెట్టింది. "అమ్మమ్మా, మనం సముద్రానికి వెళ్తున్నాం." నేను ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాను, "మనం కాదమ్మా, మేము" అందామని. టెస్టర్ని కదా, తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఈలోపే అటునుంచి జవాబొచ్చేసింది. "ఏటే, నన్నూ తీసుకెల్తన్నావా? అయితే ఉండు, చీర మార్చుకొస్తాను." పిల్ల కిలకిలా నవ్వింది. నేను ముందుకి తిరిగిపోయాను.

ఒకసారి అంది
అమ్మమ్మా మనం సముద్రానికి వెళ్తున్నాం
ఉండు చీర మార్చుకొస్తాను
అంది అవతల అమ్మ

దిద్దబోయి ఆగాను
ఆ తప్పులో
ఇంకో మనిషికి చోటుంది

చాలాకాలం కవిత ఇక్కడితో అయిపోయేది. ఎక్కడ చదివినా చివర అందరూ "ఆహా" అనేవారు. మన సాహిత్య బృందంలోనే ఒకావిడ, ఇవాళ రాలేదు, "అది అబద్ధం కదండీ" అన్నారు. నాకు కోపమొచ్చింది. ఆవిడ అన్నదేమిటంటే, మీరు 2018లో ఆపేశారు, అక్కడ బాగుంది కాబట్టి ఆపేశారు. తర్వాత ఫోన్లో ఇంకేం లేవా? ఉన్నాయి. ఆరు సెకన్లవి వరసగా ఉన్నాయి. వాటిలో "మనం" అన్న తప్పు లేదు. ఎందుకు లేదు? నేర్చుకుందనా? కాదు. ఎక్కడికి వెళ్తున్నామో చెప్పడమే మానేసింది. మేము, మనం, ఏదీ వాడాల్సిన అవసరమే లేదు. నా ఉద్యోగంలో దీనికొక మాట ఉంది, ఎవరూ వాడని సాఫ్ట్‌వేర్‌లో బగ్గులు రావు అంటాం. అప్పుడు ఇది చేర్చాను.

ఇప్పుడు తప్పుల్లేవు
తిన్నావా
నేను తిన్నా
బై

అంతే కవిత. ఇప్పుడు మీకు నచ్చకపోవచ్చు, "ఆహా" రాదు. కానీ ఇదే ఉంచాను.

మధ్యలో ఒక మాట. మన సంఖ్య పెరుగుతోంది కదా, ఇంక బెంగెందుకు అని కొందరంటారు. 2010కీ 2017కీ మధ్య అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని సెన్సస్ లెక్కల నుంచి తేల్చి చెప్పారు, పేపర్లలో బాగానే వచ్చింది. నిజమే. కానీ ఆ పెరిగింది ఎక్కువగా విమానం దిగినవాళ్లు, ఇక్కడ పుట్టినవాళ్లు కాదు. కుళాయి నీళ్లు పడుతుంటే తొట్టికి చిల్లున్నట్టు తెలియదు. కుళాయి ఆగిన చోట ఏమవుతుందో చూడాలంటే దక్షిణాఫ్రికా చూడండి. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. దాంతో మొదలైన కూలీ వలసల్లో తెలుగువాళ్లు వెళ్లారు. వాళ్ల వారసులు భజనలు, పాటలు నిలబెట్టుకున్నారు, సంఘాలు పెట్టుకున్నారు. ఇంట్లో భాష మాత్రం ఇంగ్లిష్ అయిపోయింది. పాట మిగలడం వేరు, అన్నం దగ్గర పోట్లాడుకోవడం వేరు. సరే, ఇది వేరే రోజు మాట్లాడుకుందాం, టైమైపోతోంది.

చివరగా, ఇది ఎవరి గొంతు గురించి రాశానో ఆ మనిషి అనుమతి తీసుకోవాలి కదా. ఇప్పుడు దానికి పదమూడు. తెలుగులో చదివాను, సగం అర్థమైందంది. ఇంగ్లిష్‌లో చెప్పమంది. చెప్పాను. సముద్రం దగ్గరికొచ్చేసరికి కవిత కూలిపోయింది. "వి ఆర్ గోయింగ్ టు ద బీచ్" అంటే అందులో తప్పేముంది? తప్పే లేకపోతే అమ్మమ్మ చీరెందుకు మార్చుకుంటానంటుంది? నేను చేత్తో చూపించాల్సొచ్చింది. ఇలా చుట్టూ గీసి నిన్నూ నన్నూ కలిపితే మనం, ఇలా నిన్ను బయట పెట్టేస్తే మేము. అది కాసేపు నా చేతి వంక చూసింది. చూసి, అడిగింది కదా, "సో డిడ్ షి చేంజ్ హర్ శారీ?"

నాకు తెలియదు. ఇన్నేళ్లలో నాకు ఆ ప్రశ్నే రాలేదు. అది కవిత కోసం దొరికిన మంచి మాట, అంతే నాకు. ఆ రాత్రి మా అమ్మకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, పక్కన పిల్లని కూర్చోబెట్టి అడిగాను. అప్పుడు నిజంగా మార్చుకున్నావా అని.

"మార్చుకున్నానే. మీ నాన్న చూసి నవ్వీసేరు. కట్టుకున్నాం కదా మరి, విప్పడమేటని, ఇద్దరం బస్సెక్కి పూడిమడక ఎల్లొచ్చేం."

పూడిమడక మాకు దగ్గర్లోని సముద్రం, తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఈ సంగతి కవితలో లేదు. ఎక్కడ పెట్టాలో ఇంకా తోచలేదు. ప్రశ్నలుంటే అడగండి. పిల్లలు ఏ భాషలో అడిగినా ఫరవాలేదు, ఆ మైకు ఇటివ్వండి.